“కుదరదండి” అని చెప్పడం ఎలా? క్షమాపణలు ఎక్కువైతే ఏమవుతుంది?

మన బడి నడిచేది ఒకరినొకరు అడగడం మీదే. తరగతి తీసుకోమని, పరీక్ష పేపర్లు దిద్దమని, ఉగాది కార్యక్రమానికి పిల్లల చేత నాటకం వేయించమని, వంటలు తెమ్మని ఏడాది పొడుగునా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అడుగుతూనే ఉంటారు. జీతాలు లేని బడి కాబట్టి “ఇది మీ పని” అని ఎవరికీ చెప్పలేం. అడగగలం, అంతే. అడిగినవాళ్ళకి అవుననో కాదనో తెలియాలి. అవును అని చెప్పడం మనందరికీ వచ్చు. చిక్కంతా కాదనే దగ్గరే.

ముఖం మీద కాదనేవాళ్ళు మనలో తక్కువ. ఎక్కువమంది పదిసార్లు సారీ చెప్పి, నాలుగు కారణాలు వివరించి, “ఏమీ అనుకోకండి” అని బతిమాలి, చివరికి “చూస్తాను” అంటారు. చెప్పినవాళ్ళు కాదన్నామనుకుంటారు. విన్నవాళ్ళకి మాత్రం అది కాదన్నట్టు వినిపించదు. ఇలా ఎందుకు జరుగుతుందో ఒక ఉదాహరణ తీసుకుని చూద్దాం.

ఒక ఫోను, ఒక జవాబు

జనవరి రెండో వారం అనుకోండి. ఉగాది కార్యక్రమం మార్చి చివర్లో. కోఆర్డినేటరు ఒక టీచరుకి ఫోను చేసి, పిల్లల నాటకానికి శనివారాలు ఆరు రిహార్సల్స్ చేయిస్తారా అని అడిగారు. టీచరుకి చేసే ఉద్దేశం లేదు. ఆమె ఇచ్చిన జవాబు ఇది:

“అయ్యో, నిజంగా సారీ అండి. మీరు ఇంతగా అడిగారు, ఎలా చెప్పాలో తెలియట్లేదు. నాకూ చెయ్యాలనే ఉందండి. కానీ శనివారం పొద్దున మా బాబుకి స్విమ్మింగ్ ఉంటుంది, మా ఆయనకేమో ఈ మధ్య ఆఫీసులో అస్సలు తీరిక లేదు, పైగా మా అత్తగారు వాళ్ళు వచ్చి ఉన్నారు. చాలా గిల్టీగా ఉంది, ఏమీ అనుకోకండి ప్లీజ్. చూస్తానండి, ఏమన్నా వీలవుతుందేమో. వచ్చేసారి మాత్రం తప్పకుండా చేస్తాను.”

కోఆర్డినేటరు వెంటనే ఇలా అన్నారు:

“అయ్యో, దానికేముందండి, సారీ ఎందుకు! స్విమ్మింగ్ పదకొండింటికల్లా అయిపోతుంది కదా, మనం రిహార్సల్ రెండింటికి పెట్టుకుందాం. అత్తగారిని కూడా తీసుకురండి, పిల్లల్ని చూసి సంతోషిస్తారు. మీ పేరు రాసుకుంటున్నాను, సరేనా?”

ఇందులో కోఆర్డినేటరు జబర్దస్తీ ఏమీ చెయ్యలేదు. టీచరు జవాబు మళ్ళీ ఒకసారి చదవండి. అంత పొడుగు జవాబులో “చెయ్యను” గానీ “కుదరదు” గానీ ఎక్కడా లేదు. “చెయ్యాలనే ఉంది”, “చూస్తాను”, “తప్పకుండా చేస్తాను” అని మూడు చోట్ల అవునన్నట్టే ఉంది. కోఆర్డినేటరు తను విన్నదానికే జవాబిచ్చారు.

మొదటి కారణం: మనకి అది మొహమాటంలా వినిపిస్తుంది

మన ఇళ్ళలో వడ్డన గుర్తు చేసుకోండి. “ఇంకొంచెం అన్నం పెట్టనా?” అంటే అతిథి “వద్దండీ వద్దండీ” అంటారు. అంతటితో గిన్నె పక్కన పెట్టేస్తే ఆ ఇంటివాళ్ళకి వడ్డించడం రాదంటారు. రెండోసారి అడగాలి, మూడోసారి అడగాలి, “మొహమాటపడకండి” అనాలి. అడగడం ఇంటివాళ్ళ మర్యాద, మొదట వద్దనడం అతిథి మర్యాద. మొదటి “వద్దు” అక్కర్లేదనే అర్థంతోనే రాదని చిన్నప్పటి నుంచీ మన చెవికి అలవాటైపోయింది.

మొహమాటాన్ని మనం ఎలా గుర్తుపడతాం? నసుగుతూ మాట్లాడటం, “అయ్యో మీకెందుకండీ శ్రమ” అనడం, సాగదీయడం, క్షమాపణలు. టీచరు జవాబులో ఉన్నవి సరిగ్గా ఇవే. కాబట్టి కోఆర్డినేటరు చెవికి అది “ఇంకోసారి అడగండి” అన్నట్టే ఉంది. ఆమె మళ్ళీ అడగడం మన లెక్కలో మర్యాదే. మొహమాటం గుర్తులు ఎన్ని తగ్గిస్తే మన మాట అంత త్వరగా అర్థమవుతుంది.

రెండో కారణం: ప్రతి కారణానికీ ఒక పరిష్కారం దొరుకుతుంది

కారణాలు ఎక్కువ చెబితే మన మాటకి బలం వస్తుందని అనుకుంటాం. వినేవాళ్ళు మాత్రం వాటిని తీర్చాల్సిన ఇబ్బందుల పట్టీలా వింటారు. స్విమ్మింగ్ పొద్దున అయితే రిహార్సల్ మధ్యాహ్నం పెడతారు. అత్తగారు ఉంటే ఆవిణ్ణీ రమ్మంటారు. సాయం చేద్దామనే మనసుతోనే వాళ్ళు ఒక్కో కారణాన్నీ తొలగిస్తూ వస్తారు. నాలుగూ తొలగిపోయాక మన దగ్గర చెప్పడానికి ఏమీ మిగలదు. అప్పుడు ఒప్పుకోవాలి, లేదా ఐదో కారణం కల్పించాలి.

కల్పించిన కారణాలతో ఇంకో ఇబ్బంది ఉంది. మన ఊళ్ళో తెలుగు కుటుంబాలన్నీ ఒకే ఇండియన్ స్టోరులో, ఒకే గుడిలో, ఒకే పుట్టినరోజు పార్టీల్లో కలుస్తుంటాయి. శనివారం ఊళ్ళో ఉండనని చెప్పినవాళ్ళు ఆ శనివారమే కూరగాయల దగ్గర కనబడతారు. కుదరదన్నందుకు ఎవరూ నొచ్చుకోరు గానీ, ఇందుకు నొచ్చుకుంటారు.

మూడో కారణం: ఓదార్చే పని అవతలివాళ్ళ మీద పడుతుంది

“చాలా గిల్టీగా ఉంది, ఏమీ అనుకోకండి” అని ఎవరైనా అంటే మనం ఏమంటాం? “అయ్యో, పర్లేదండి” అంటాం. అనకపోతే బాగుండదు కాబట్టి అంటాం. ఇక్కడ కోఆర్డినేటరుకి నాటకం చేయించేవాళ్ళు దొరకలేదు. పైగా, దొరకనందుకు తనే ఎదుటివాళ్ళని ఊరడించాల్సి వచ్చింది. లోపల చిరాకు ఉన్నా బయటికి “పర్లేదు” అనాలి.

దీన్ని పరిశోధకులు కూడా గమనించారు. గిలీ ఫ్రీడ్‌మన్, మరి కొందరు కలిసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎవరినైనా కాదనేటప్పుడు దానితోపాటు క్షమాపణ చెబితే ఏమవుతుందన్నది అందులో చూశారు. కాదనిపించుకున్నవాళ్ళకి క్షమాపణ వల్ల బాధ తగ్గలేదు, ఇంకా ఎక్కువ నొచ్చుకున్నారు. మనసులో లేకపోయినా క్షమించామని చెప్పాల్సిన ఒత్తిడి కూడా వాళ్ళ మీద పడింది. ఆ అధ్యయనం తెలుగువాళ్ళ మీద చేసింది కాదు. కానీ మన “పర్లేదండి” వెనక ఉండే ఇబ్బంది అదేనని మనలో చాలామందికి అనుభవమే.

నాలుగో కారణం: “చూస్తాను” అంటే కాలం గడిచిపోతుంది

కుదరదని సోమవారమే తెలిస్తే కోఆర్డినేటరు ఆ సాయంత్రమే ఇంకో ఇద్దరికి ఫోను చేస్తారు. “చూస్తాను” అన్నారు కాబట్టి ఆగుతారు. వారం తర్వాత ఒక మెసేజ్ పెడతారు. “ఇంకా తెలియలేదండి” అని జవాబు వస్తుంది. మరో వారం గడుస్తుంది. అప్పటికి రెండు శనివారాలు పోయాయి. ఆరు రిహార్సల్స్ నాలుగయ్యాయి. ఇప్పుడు కొత్తవాళ్ళని అడిగితే, “ఇంత ఆలస్యంగా చెప్తే ఎలా అండి?” అని వాళ్ళూ వెనకాడతారు. పిల్లలు సగం డైలాగులతో స్టేజీ ఎక్కుతారు.

“అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలు” అని మనవాళ్ళు ఊరికే అనలేదు. అలాగే “వచ్చేసారి తప్పకుండా” అన్నది కూడా అప్పులాంటిదే. చెప్పినవాళ్ళు మర్చిపోతారు, విన్నవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. నిజంగా చేసే ఉద్దేశం ఉంటేనే ఆ మాట అనాలి.

మరి ఎలా చెప్పాలి?

అదే టీచరు, అదే ఫోను. ఈసారి జవాబు ఇలా ఉంటే?

“నన్ను అడిగినందుకు సంతోషమండి. ఈసారి నాటకం రిహార్సల్స్ నాకు కుదరవండి. మీరు వేరేవాళ్ళని చూసుకోవడానికి వీలుగా ఇవాళే చెబుతున్నాను.”

మొత్తం పద్నాలుగు మాటలు, మూడు వాక్యాలు. మొదటి వాక్యం అడిగినవాళ్ళని గౌరవిస్తుంది. రెండోది కాదంటుంది. మూడోది వాళ్ళ తర్వాతి పనికి దారి ఇస్తుంది. సారీ లేదు, కారణం లేదు. అయినా ఇందులో అమర్యాద ఏమన్నా ఉందా? గట్టిగా చదివి చూడండి.

ఇది మొరటుగా వినిపించకపోవడానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగులో మర్యాద చూపించడానికి క్షమాపణ అక్కర్లేదు, “అండి” ఉంది. “కుదరదు” అంటే కొంచెం కటువుగా ఉంటుంది, “కుదరదండి” అంటే ఉండదు. ఆ రెండక్షరాలు చేసే పనికి మనం ఐదు వాక్యాల సంజాయిషీ వాడుతున్నాం.

క్రియను ఎంచుకోవడం కూడా ముఖ్యం. “చెయ్యను” అంటే నా ఇష్టంతో వద్దంటున్నానని అర్థం. పెద్దవాళ్ళ దగ్గర, కొత్తవాళ్ళ దగ్గర అది పెళుసుగా వినిపిస్తుంది. “చెయ్యలేను” అంటే నా వల్ల కాదని. వెంటనే “ఎందుకు చెయ్యలేరు, మీరు బాగా చేస్తారు” అని ధైర్యం చెబుతారు. “నాకు కుదరదు” అన్నప్పుడు వాక్యంలో చేసేవాళ్ళు ఎవరూ లేరు. నేను వద్దన్నట్టూ కాదు, నాకు చేతకాదన్నట్టూ కాదు. పని నాకు కుదరడం లేదు, అంతే. “వీలుపడదు” కూడా ఇలాంటిదే, కాస్త మెత్తగా ఉంటుంది.

చివరి అక్షరాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. “కుదరదండి” అంటే తేలిపోయింది. “కుదరట్లేదండి” అంటే ప్రస్తుతానికి కుదరట్లేదు, రేపు కుదరొచ్చు. “కుదరదేమోనండీ” అని సాగదీస్తే నాకే ఖాయంగా తెలియదని. ఈ “ఏమో” ఒక్కటి చాలు, ఫోను మళ్ళీ మోగడానికి.

ఇంకో సంగతి. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. “శనివారం పొద్దున బాబుకి స్విమ్మింగ్ ఉండటం వల్ల, పైగా ఇంట్లో అందరూ ఉన్నారు కాబట్టి...” అని మొదలుపెడితే అసలు మాట వచ్చేలోపు అవతలివాళ్ళు “అయ్యో, దానికేముంది” అని అందుకుంటారు. మనం కూడా ధైర్యం చాలక ఆ చివరి మాటని మింగేస్తాం. కాబట్టి కాదనే వాక్యం చిన్నదిగా ఉండాలి, ముందే రావాలి. కారణం చెప్పాలనిపిస్తే దాని తర్వాత ఒక్కటే, నిజమైనదే చెప్పండి: “శనివారాలు మా ఇంటికి ఉంచుకున్నానండి.” దీనికి ఎవరూ పరిష్కారం చెప్పలేరు, ఎందుకంటే ఇందులో తీర్చాల్సిన ఇబ్బంది ఏదీ లేదు.

మళ్ళీ అడిగితే?

మనవాళ్ళు మళ్ళీ అడుగుతారు. ఇది వడ్డన అలవాటే, కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు. రెండోసారి కొత్త కారణం వెతక్కండి. మొదటి మాటే చెప్పండి: “మీ ఇబ్బంది అర్థమైందండి. కానీ ఈసారి నాకు కుదరదండి.” మూడోసారి కూడా అడిగితే అదే వాక్యం, అదే గొంతుతో. ఒకే మాట రెండుసార్లు వింటే ఇది మొహమాటం కాదని వాళ్ళకి తెలిసిపోతుంది. ఆ తర్వాత మౌనం వస్తుంది. దాన్ని నింపడానికే చాలామంది “సరే, చూస్తాలెండి” అనేస్తారు. ఆ నాలుగైదు సెకన్లు ఊరుకోండి, లేదా “పిల్లలు ఎలా ఉన్నారండి?” అని మాట మార్చండి.

చెయ్యగలిగిన చిన్న పని ఏదైనా నిజంగా ఉంటే దాని హద్దు చెప్పి ఇవ్వొచ్చు: “రిహార్సల్స్ కుదరవండి. కార్యక్రమం రోజు పిల్లలకి మేకప్ చేస్తాను.” బాకీ తీర్చుకుంటున్నట్టు ఇవ్వక్కర్లేదు. ఇవ్వకపోయినా ఆ కాదనడం కాదనడమే.

బడి తల్లిదండ్రుల్ని కాదనాల్సినప్పుడు

టీచర్లకి ఇది ఎక్కువగా వచ్చే సందర్భం. తరగతి నిండిపోయాక అక్టోబరులో ఒక తల్లి వచ్చి పాపని చేర్చుకోమంటారు. “నాకూ చాలా బాధగా ఉందండి, నేనైతే తీసుకునేదాన్నే, కమిటీవాళ్ళు ఒప్పుకోరు” అంటే ఆమె కమిటీలో ఎవరు తెలుసా అని వెతుకుతారు. మనం తప్పించుకున్నాం, ఆ తలనొప్పి ఇంకొకరికి పంపించాం. పైగా నియమం న్యాయమైనది కాదని మనమే చెప్పినట్టయింది.

దానికి బదులు: “ఈ ఏడాదికి రెండో తరగతిలో ఖాళీలు లేవండి. పాప పేరు వెయిటింగ్ లిస్టులో రాసుకున్నాను. ఖాళీ వస్తే నేనే ఫోను చేస్తాను.” నిజంగా లిస్టు ఉంటేనే ఈ మాట చెప్పండి. వాట్సాప్‌లో రాసేటప్పుడు కూడా ఈ మూడు వాక్యాలు చాలు. చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు ముఖాలు వరసగా పెడితే మళ్ళీ పాత కథే.

క్షమాపణ ఎప్పుడు చెప్పాలి?

చెప్పాల్సిన చోట తప్పకుండా చెప్పాలి. ఒకసారి ఒప్పుకుని తర్వాత తప్పుకుంటే అది కాదనడం కాదు, మాట తప్పడం. అప్పుడు ముందు క్షమాపణ, తర్వాత వీలైతే బదులు మనిషి: “క్షమించండి, ఒప్పుకున్న పని చెయ్యలేకపోతున్నాను. నా నోట్సు, పిల్లల పేర్లు ఇవాళే పంపిస్తాను.” అడిగిన ప్రతిదానికీ సారీ చెబుతూ పోతే ఇలాంటి అసలైన సమయంలో మన సారీకి విలువ ఉండదు.

కొన్ని చోట్ల మూడు వాక్యాలు సరిపోవు. శుభలేఖ తీసుకుని ఇంటికి వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే “కుదరదండి” అంటే బాధపడతారు. కూర్చోబెట్టి, పెళ్ళి సంగతులు అడిగి, “ఆ రోజుకి మేం రాలేమండి, పిల్లల్ని తర్వాత వచ్చి చూస్తాం” అనాలి. ఇంట్లో పెద్దవాళ్ళతో కూడా అంతే. అక్కడ పెంచాల్సింది ఆప్యాయతని. క్షమాపణలు, కారణాలు పెంచితే ఫలితం పైన చెప్పినట్టే ఉంటుంది.

తరగతిలో పిల్లలకి

ఇక్కడ పుట్టిన పిల్లలకి సమస్య వేరు. వాళ్ళు నసగరు, “నాకు వద్దు” అని తేలిగ్గా అనేస్తారు. ఆంటీ రెండో గారె వేయబోతే “వద్దు” అంటారు, ఆంటీ చిన్నబోతుంది. పిల్లలు కాదనడం తప్పు కాదు, అందులో “అండి” లేకపోవడమే లోటు. సారీ చెప్పడం నేర్పకండి, ఆ లోటు తీర్చే మాటలు నేర్పండి.

రెండో తరగతి నుంచి పది నిమిషాల ఆట ఆడించొచ్చు. ఇద్దరిద్దరు పిల్లలు. ఒకరు అడగాలి, ఒకరు ఒక్క వాక్యంలో కాదనాలి. అడిగినవాళ్ళు ఇంకోసారి అడగాలి, రెండోవాళ్ళు మళ్ళీ అదే వాక్యం చెప్పాలి.

“ఇంకో గారె వేసుకో నాన్నా.” – “చాలండి, కడుపు నిండింది.”

“మా ఇంటికి ఆడుకోవడానికి వస్తావా?” – “ఇవాళ కుదరదు, హోంవర్క్ ఉంది.”

వీడియో కాల్‌లో అమ్మమ్మ, “ఒక పాట పాడమ్మా.” – “ఇప్పుడు పాడను అమ్మమ్మా, ఆదివారం పాడతాను.”

స్నేహితులతో “అండి” అక్కర్లేదని, అమ్మమ్మతో వాళ్ళింట్లో ఎలా పిలిస్తే అలానే అనాలని చెప్పండి. ఆదివారం పాడతానంటే ఆదివారం పాడాలని కూడా చెప్పండి.

వినేటప్పుడు టీచరు గమనించాల్సినవి మూడు. కాదనే క్రియ బయటికి వచ్చిందా? పిలుపు గానీ “అండి” గానీ ఉందా? కారణం ఒక్కటి దాటిందా? పిల్లలకి ఈ ఆట అయ్యాక, బడి వాట్సాప్ గ్రూపులో మీరు ఈ మధ్య పెట్టిన చివరి “సారీ అండి” మెసేజ్ తీసి, అదే మూడు ప్రశ్నలతో ఒకసారి చదువుకోండి.